త్వరగా కదిలే సరుకుకు ఏది మేలు: కన్‌సైన్‌మెంటా, వీఎంఐనా?

సరఫరాదారుకు ప్రతిపాదన రాయడానికి కూర్చున్నప్పుడు చాలామంది ముందు కన్‌సైన్‌మెంటే అడుగుతారు. సరుకు మన స్టోర్స్‌లోనే ఉంటుంది, వాడేదాకా హక్కు మాత్రం సరఫరాదారుదే. వాడిన దానికే బిల్లు. వినడానికి మనకే లాభంగా ఉంటుంది. రోజూ కదిలే సరుకు విషయంలో మాత్రం ఒకసారి లెక్క వేసి చూడాలి.

రోజుకు 40 ఆయిల్ ఫిల్టర్లు వాడతామనుకుందాం. ఆర్డరు పెట్టిన 5 రోజులకు సరుకు వస్తుంది. ఆ 5 రోజులకు 200, అనుకోని అవసరానికి 80 కలిపి కనిష్ఠ మట్టం 280. నిల్వ అక్కడికి దిగగానే 280 ఆర్డరు వెళ్తుంది. అవి వచ్చేసరికి 80 మిగులుతాయి, దింపగానే 360 అవుతాయి. సగటున 220, అంటే ఒక్కో ఫిల్టరు మన దగ్గర ఉండేది ఐదున్నర రోజులే. బిల్లుకు ఇప్పటికే 30 రోజుల గడువుంటే, డబ్బు కట్టేనాటికి ఆ సరుకు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇలాంటప్పుడు ‘వాడగానే చెల్లింపు’ షరతుతో కన్‌సైన్‌మెంట్‌కు ఒప్పుకుంటే దాదాపు 24 రోజుల అరువు మన చేతులతో మనమే వదులుకున్నట్టు. వాడిన నాటి నుంచి 30 రోజులిచ్చినా మనకు కలిసొచ్చేది ఆ ఐదున్నర రోజులే. పైగా లెక్కలో తేడా వస్తే ఆ పోయిన సరుకు ఎవరిదన్న పేచీ మొదలవుతుంది.

అందుకే ఇలాంటి వాటికి నా మొగ్గు వీఎంఐ, అంటే వెండర్ మేనేజ్డ్ ఇన్వెంటరీ వైపే. ఇందులో మారేది హక్కు కాదు, ఆర్డరు నిర్ణయం. మన నిల్వ, వాడకం వివరాలు రోజూ చూసి ఎప్పుడు ఎంత పంపాలో సరఫరాదారే తేలుస్తాడు. అతనికీ ఇందులో మేలుంది: ఉన్నట్టుండి వచ్చిపడే పెద్ద ఆర్డర్లు తగ్గుతాయి, బండి నిండేలా పంపుకోవచ్చు.

ప్రతిపాదనలో తప్పక రాయవలసినది గరిష్ఠ మట్టం. ఆర్డరు వెళ్లేనాటికి చేతిలో 280, దారిలో 280 ఉంటాయి కాబట్టి, చేతిలో ఉన్నదీ దారిలో ఉన్నదీ కలిపి 560 దాటకూడదు. దాటితే అదనపు సరుకు అతని ఖర్చుతోనే వెనక్కి వెళ్తుంది. ఈ మాట లేకపోతే నెలాఖరున అమ్మకాల లక్ష్యం కోసం సరుకు మన గోదాములోకి తోసేస్తారు. ప్రతి నెలా చివరి వారంలోనే మట్టం దాటుతోందంటే జరుగుతున్నది అదే. బదులుగా మనమూ ఒక హామీ ఇవ్వాలి: మనం ఆ వస్తువు మానేస్తే, గరిష్ఠ మట్టం లోపు మన కోసం పంపినదంతా మనమే కొంటాం. ఇది లేకుండా ఏ సరఫరాదారూ మనసుపెట్టి చేయడు.

వీఎంఐకి ప్రాణం లెక్కే. స్టోర్స్‌లో సరుకు ఇచ్చిన క్షణమే నమోదు కాకపోతే అతనికి కనిపించేది తప్పుడు నిల్వ. స్క్రీన్‌పై 300 ఉండి అరలో 100 ఉంటే అతను పంపడు, మన పని ఆగుతుంది. కాబట్టి సంతకానికి ముందు నెల రోజులు వారం వారం లెక్కపెట్టి, తేడాలు సరిచేసుకున్నాకే మొదలుపెట్టాలి.

కన్‌సైన్‌మెంట్ అడగదగిన చోటు లేకపోలేదు. దిగగానే డబ్బు కట్టాల్సిన సరుకు, గిరాకీ తెలియని కొత్త వస్తువు, ఏడాదికి రెండుసార్లు మాత్రమే అవసరపడే ఖరీదైన విడిభాగం. వాటికి వేరే ప్రతిపాదన రాయండి, ఈ ఫిల్టర్లతో కలపకండి.