స్టీమ్ గార్డ్, నాలుగేళ్ల వాడకం: ఫోన్ పోయిన రోజు నోటుపుస్తకమే కాపాడింది

మాది ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడి. ఇంట్లో కంప్యూటర్‌లో ఆటలు ఆడతాను. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న ఆటలన్నీ నా ఒకే ఖాతాలో ఉన్నాయి. నాలుగేళ్లుగా దానికి స్టీమ్ గార్డ్ మొబైల్ తాళం వేసి ఉంచాను. లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లోని యాప్ చూపించే ఐదక్షరాల కోడ్ కూడా అడుగుతుంది. ఆ కోడ్ ముప్పై సెకన్లకొకసారి మారిపోతుంది. రోజువారీ వాడకంలో దీనితో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. అసలు పరీక్ష మొన్న వేసవిలో వచ్చింది. గుణుపురం నుంచి రైల్లో వస్తూ ఫోన్ పోగొట్టుకున్నాను.

ఇంటికొచ్చి తమ్ముడి పాత ఫోన్‌లో స్టీమ్ యాప్ వేశాను. పాస్‌వర్డ్ కొట్టగానే కోడ్ అడిగింది. ఆ కోడ్ పోయిన ఫోన్‌లోనే వస్తుంది. మెసేజ్ ద్వారా తాళాన్ని కొత్త ఫోన్‌కి మార్చుకునే దారి ఉంది కానీ, సిమ్ కూడా ఫోన్‌తోనే పోయింది. ఈమెయిల్ తెరుద్దామంటే గూగుల్ కూడా పోయిన ఫోన్‌లోనే "అవును, నేనే" అని నొక్కమంటోంది. మూడు తాళాలు, మూడు తాళంచెవులూ ఒకే జేబులో పెట్టుకుని తిరిగానని అప్పుడర్థమైంది.

పొద్దున్నే సిమ్ కోసం వెళ్లాను. నాది ఆంధ్ర నంబరు కాబట్టి పాతపట్నంలో తీసుకోమన్నారు. ఆధార్ పట్టుకుని ఆటో ఎక్కాను. అక్కడ కొట్టు ఆయన సిమ్ చేతిలో పెడుతూ, "బాబూ, ఫోన్ కాల్స్ ఇప్పుడే వస్తాయి, మెసేజులు మాత్రం రేపు ఇదే టైముకి" అన్నారు. డూప్లికేట్ సిమ్ తీసుకున్నాక 24 గంటలు మెసేజులు ఆపడం మన దేశంలో నియమం. వేరేవాళ్లెవరైనా మన పేరు మీద సిమ్ తీసుకుని ఓటీపీలు కొట్టేయకుండా ఈ ఏర్పాటు. మంచిదే, కానీ నా ఫోన్ దొరికినవాడికీ అదే 24 గంటలు చేతిలో ఉంటాయి. ఆ టెన్షన్ మామూలుగా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, తాళం వేసిన రోజు స్టీమ్ ఒక రికవరీ కోడ్ ఇచ్చింది. R అక్షరం, దాని వెనక ఐదు అంకెలు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి వదిలేయకుండా, అమ్మ పాల లెక్కలు రాసే నోటుపుస్తకం చివరి పేజీలో పెన్నుతో రాశాను. దాని కిందే గూగుల్ ఇచ్చిన పది బ్యాకప్ కోడ్‌లు, ఒక్కోటి ఎనిమిది అంకెలు. స్క్రీన్‌షాట్ అయితే అదీ ఫోన్‌తో పాటే పోయేది.

ముందు మెయిల్ తెరిచాను. గూగుల్ లాగిన్‌లో వేరే పద్ధతి ఎంచుకుని ఒక బ్యాకప్ కోడ్ కొడితే లోపలికి వెళ్లింది. ఆ కోడ్ మళ్లీ పనికిరాదు కాబట్టి పుస్తకంలో కొట్టేశాను. తర్వాత స్టీమ్‌లో, ఆ యాప్ ఇక నా దగ్గర లేదన్న సహాయం దారిలో వెళ్లి R కోడ్ ఇచ్చాను. పాత తాళం ఊడిపోయింది. వెంటనే కంప్యూటర్‌లోంచి మిగతా పరికరాలన్నిటి లాగిన్ తీసేసి, తమ్ముడి ఫోన్‌లో తాళం మళ్లీ వేశాను.

దీనికొక ధర ఉంది. తాళం మళ్లీ వేసి ఏడు రోజులు నిండేదాకా, ఆటలోని వస్తువులు ఎవరికైనా ఇస్తే ఆ ట్రేడ్ పదిహేను రోజుల వరకూ ఆగుతుంది. మెసేజ్ దారిలో తాళాన్ని మార్చుకుంటే ఆ ఆగడం రెండు రోజులే. ట్రేడ్ చేసేవాళ్లు, ఖాతాకి ప్రమాదం లేదనిపిస్తే, సిమ్ కోసం ఆగడమే మేలు. నేను ఆడుకునేవాణ్ణే కాబట్టి R కోడ్ దారే ఎంచుకున్నాను.

నంబరు మార్చేటప్పుడు జాగ్రత్త వేరు. సరిహద్దులో ఉన్నాం కాబట్టి ఆంధ్ర సిమ్ ఒకటి, ఒడిశా సిమ్ ఒకటి వాడతాం, ఒకటి రీచార్జ్ లేక ఆగిపోతుంది. ఆగిన నంబరు కొన్నాళ్లకి ఇంకొకరికి వెళ్తుంది, మన ఓటీపీలు కూడా వాళ్లకే వెళ్తాయి. పాత సిమ్ పనిచేస్తున్నప్పుడే స్టీమ్‌లోనూ గూగుల్‌లోనూ నంబరు మార్చేయాలి. గూగుల్ అయితే మార్చాక కూడా ఏడు రోజుల వరకు పాత నంబరుకి కోడ్ పంపే వీలు ఉంచవచ్చు, కాబట్టి ఆ వారం సిమ్ పారేయకండి.

మీ R కోడ్ రాసుకోకపోతే యాప్‌లో స్టీమ్ గార్డ్ పేజీ తెరిచి, చక్రం గుర్తు నొక్కితే My Recovery Code అని ఉంటుంది. ఫోన్ చేతిలో ఉన్నప్పుడే చూడగలరు. దీన్ని ఎవరు అడిగినా చెప్పకూడదు, స్టీమ్ నుంచి అంటూ వచ్చినవాళ్లకైనా సరే.

ఇంకొకటి, తాళం మళ్లీ వేసినప్పుడు కొత్త R కోడ్ వస్తుంది, పాతది చెల్లదు. పాల లెక్కల పుస్తకంలో పాతది కొట్టేసి, కింద కొత్తది తేదీతో రాశాను.