పెద్ద పద్దా, సొంత లాభనష్టాలా?

ప్లాస్టిక్ ప్యాకేజింగ్ తయారుచేసే ఒక లిస్టెడ్ కంపెనీ, నష్టాల్లో ఉన్న తన విభాగానికి అధిపతి కావాలని ప్రకటన ఇచ్చిందనుకుందాం. లాభనష్టాల బాధ్యత, బోర్డుతో పనిచేసిన అనుభవం, సంస్థను మార్చిన ఫలితాలు అడిగింది. చివరికి రెండు రెజ్యూమేలు మిగిలాయి.

మొదటి అభ్యర్థి 800 కోట్ల పద్దు నిర్వహించారు, అనుబంధ సంస్థలో డైరెక్టరు, 22 ఫ్యాక్టరీల్లో కొత్త కంప్యూటర్ వ్యవస్థ పెట్టించారు. రెండవ అభ్యర్థి 180 కోట్ల వ్యాపారానికి అధిపతి. మూడేళ్లలో లాభాన్ని అమ్మకాల్లో 4 శాతం నుంచి 9 శాతానికి తెచ్చానని రాశారు. ప్రతి త్రైమాసికంలో బోర్డు ముందు లెక్కలు వివరించారు.

బోర్డు విషయంలో మొదటివారిదే పైచేయి. డైరెక్టరు పదవిని కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. బోర్డుకు వివరించడం వేరు, చట్టపరమైన బాధ్యతతో ఓటు వేయడం వేరు.

కానీ ఆ 800 కోట్లు ఖర్చుల పద్దు. అమ్మకం ధర ఎవరు నిర్ణయించారో, బాకీలు ఎవరు వసూలు చేశారో రెజ్యూమేలో ఎక్కడా లేదు. 22 ఫ్యాక్టరీలన్నది చేసిన పని. దానివల్ల సరుకు నిల్వ ఎన్ని రోజులు తగ్గిందో చెబితేనే ఫలితం అవుతుంది.

రెండవవారి 9 శాతాన్ని కూడా నేను వెంటనే నమ్మను. ప్లాస్టిక్ ముడిసరుకు ధర పడితే అమ్మకం ధరా పడుతుంది, లాభం రూపాయల్లో మారకపోయినా శాతం పెరుగుతుంది. అందుకే రూపాయల్లో లెక్కవేయాలి. 180 కోట్లలో 4 శాతమంటే 7.2 కోట్లు. మూడేళ్ల తర్వాత అదే పరిమాణానికి అమ్మకాలు 160 కోట్లకు దిగాయనుకుంటే, ఆ 7.2 కోట్లు 4.5 శాతం అవుతాయి. 9 శాతమంటే 14.4 కోట్లు, అంటే లాభం రెట్టింపయింది. అయినా ఒక అనుమానం మిగులుతుంది. ముడిసరుకు చౌకయ్యాక కొనుగోలుదారులకు ధర తగ్గించడంలో కొన్ని నెలలు ఆలస్యమైతే, ఆ మధ్యకాలపు మిగులు తాత్కాలికంగా లాభంలో కనిపిస్తుంది. ముడిసరుకు మళ్లీ పెరిగిన ఏడాదిలో కిలోకు ఎంత మిగిలిందో ఇంటర్వ్యూలో అడగాలి. ఏ యంత్రాలు ఆపారో, ఏ నష్టపు కొనుగోలుదారును వదులుకున్నారో తడుముకోకుండా చెప్పగలిగితే ఆ లాభం వారి చేతి పనే.

ఆ జవాబు నిలబడితే ఈ ఉద్యోగానికి నా ఎంపిక రెండవవారే. విభాగాధిపతి బోర్డుకు జవాబు చెప్పాలి గానీ బోర్డులో కూర్చోనక్కరలేదు, జవాబు చెప్పే పని రెండవవారికి ఇప్పటికే తెలుసు. ధర పెంచి కొనుగోలుదారును నిలుపుకోవడం మాత్రం ఎప్పుడూ చేయనివారు నష్టాల విభాగంలో నేర్చుకుంటూ కూర్చుంటే కాలం సరిపోదు. ఇదే ప్రకటన మేనేజింగ్ డైరెక్టరు పదవికైతే, మొదటివారి డైరెక్టరు అనుభవానికి చాలా ఎక్కువ విలువ ఇస్తాను. అప్పుడు కూడా ధర నిర్ణయించిన అనుభవం గురించి అడగకుండా వదలను.