టీవీ 55 అంగుళాలా, 65 అంగుళాలా?

కూకట్‌పల్లి ఫ్లాట్‌లో పది అడుగుల హాలు అనుకుందాం. టేపు గోడ నుంచి గోడకి కాదు, సోఫాలో ఆనుకుని కూర్చున్న మనిషి కళ్ల నుంచి తెర దాకా పట్టాలి. అప్పుడు తేలేది ఎనిమిదిన్నర అడుగులే.

చూపులో: సినిమాకి తెర మన కళ్లకు దాదాపు 30 డిగ్రీల మేర కనిపించాలని ఒక లెక్క. ఆ దూరంలో 65కి 31 డిగ్రీలొస్తుంది, 55కి 26. 55కి సరైన దూరం ఏడున్నర అడుగులు.

ఖర్చులో: 55 చవక. 65కి గోడ మీద నాలుగున్నర అడుగులకు పైగా వెడల్పు కావాలి. కొనేముందు ఆ కొలతకి పాత పేపర్లు అంటించి చూడండి, షోరూంలో సైజు నమ్మకండి.

రిస్కులో: మామూలు కేబుల్ ఛానెళ్లు 65లో మసకగా కనిపిస్తాయి. పక్కన దివాన్ మీద కూర్చునేవాళ్లుంటే సైజు పెంచినా లాభం లేదు. వీఏ రకం తెర పక్క నుంచి చూస్తే వెలిసిపోతుంది, అక్కడ ఐపీఎస్ రకం తెర అడగండి.

ఓటీటీలో 4కే సినిమాలు ఎదురుగా కూర్చుని చూసే ఇంటికి 65 తీసుకోండి. రోజంతా సీరియళ్లు, వార్తలే నడిచే ఇంటికి, లేదా సోఫా ఏడున్నర అడుగుల్లోపే ఉంటే, 55 చాలు.