యాభై రోజుల వడ్డీలేని గడువు: ఏళ్లుగా వాడాక నా సమీక్ష

నా క్రెడిట్ కార్డు మీద '50 రోజుల వరకు వడ్డీ లేదు' అని రాసి ఉంటుంది. అందులో 'వరకు' అన్న మాటను మాత్రం ఎవరూ పట్టించుకోరు. నా బిల్లు ప్రతి నెలా 12న తయారవుతుంది, కట్టాల్సిన చివరి తేదీ అక్కడి నుంచి 20 రోజులకు వస్తుంది. మే 13న ఏదైనా కొంటే అది జూన్ 12 బిల్లులో పడి, జూలై 2న కట్టాలి. అంటే నిండా 50 రోజులు. అదే వస్తువు జూన్ 12న కొని, అది ఆ రోజు బిల్లులోనే పడితే దొరికేది 20 రోజులే. అందుకే పెద్ద ఖర్చు ఏదైనా ఉంటే బిల్లు వచ్చిన మర్నాటికి వాయిదా వేస్తాను. సరిగ్గా బిల్లు రోజున కొంటే మాత్రం ఏ బిల్లులో పడుతుందో చెప్పలేం. దుకాణం వాళ్ల దగ్గర్నుంచి లెక్క బ్యాంకుకు చేరడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు.

ఇంతవరకూ ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. నచ్చనిది వేరే ఉంది. ఈ గడువంతా బిల్లు మొత్తం కట్టినవాళ్లకే. బిల్లులో అడిగే కనీస మొత్తం, అంటే మినిమమ్ డ్యూ మాత్రమే కడితే లేటు ఫీజు తప్పుతుంది కానీ వడ్డీ తప్పదు.

నా కార్డు నిబంధనల ప్రకారం లెక్క వేసి చూపిస్తాను. మే 13న 20,000 ఖర్చు పెట్టి, జూలై 2న 19,000 కట్టామనుకుందాం. మిగిలింది వెయ్యే కాబట్టి వడ్డీ దాని మీదే పడుతుందనుకుంటాం. కానీ ఏడాదికి 36 శాతం చొప్పున మొత్తం 20,000 మీద, కొన్న రోజు నుంచే 50 రోజులకు లెక్క కడతారు. అది దాదాపు 986. మిగిలిన వెయ్యి మీద జూలై 12 దాకా ఇంకో పది. వెయ్యి ఆపినందుకు వడ్డీ కూడా ఇంచుమించు వెయ్యే! అన్ని కార్డులూ ఇలాగే లెక్క వేయవు, కొన్ని దేశాల్లో కట్టేసిన భాగం మీద వడ్డీ వేయకూడదు. మీ కార్డు నిబంధనల్లో 'వడ్డీ లెక్కింపు' ఉదాహరణ ఉంటుంది, అది చదవండి.

ఇంకో దెబ్బ తర్వాత తగులుతుంది. బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికీ ఆ గడువు ఉండదు, కొన్న రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. ఈలోగా అదే కార్డు మీద రోజువారీ ఖర్చులు పెడుతూ పోతే బాకీ ఎప్పటికీ తేలదు. అలాంటప్పుడు కార్డు పక్కన పెట్టి ముందు పాతది తీర్చేయడమే మేలు. మొత్తం కట్టేశాక కూడా తర్వాతి బిల్లులో చిన్న వడ్డీ కనిపిస్తే కంగారు పడొద్దు, బిల్లు వచ్చిన రోజుకీ మీరు కట్టిన రోజుకీ మధ్యది అది.