ఎగుమతి ఇన్వాయిస్‌కు ఏ రేటు మేలు: కస్టమ్స్ రేటా, ఆ రోజు మార్కెట్ రేటా?

విశాఖలో రొయ్యలు ఎగుమతి చేసే చిన్న సంస్థల లెక్కలు చూసేవారు మార్చి నెలాఖరులో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. షిప్పింగ్ బిల్లులో ఉన్న కస్టమ్స్ రేటుతోనే పుస్తకాల్లోనూ అమ్మకం రాసుకుంటే సరిపోదా అని.

అందులో సౌకర్యం ఉన్న మాట నిజమే. జీఎస్టీ రూల్ 34 ప్రకారం సరుకుల విలువకు కస్టమ్స్ ప్రకటించిన రేటే వాడాలి కనుక, పుస్తకాలు, జీఎస్టీఆర్-1, షిప్పింగ్ బిల్లు మూడూ ఒకే అంకె చూపుతాయి. అయితే ఏఎస్ 11 అడిగేది లావాదేవీ జరిగిన నాటి రేటును. కస్టమ్స్ రేటు కొన్నాళ్లపాటు మారకుండా ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. మార్చి 10న 20,000 డాలర్ల ఇన్వాయిస్ వేశారు. కస్టమ్స్ రేటు 82.60, ఆ రోజు ఎఫ్‌బీఐఎల్ రెఫరెన్స్ రేటు 83.10, మార్చి 31న 83.40 అనుకుందాం. కస్టమ్స్ రేటుతో అమ్మకం రూ.16,52,000, ఏడాది చివర మారకపు లాభం రూ.16,000. మార్కెట్ రేటుతో అమ్మకం రూ.16,62,000, లాభం రూ.6,000. మొత్తం లాభం రెంటిలోనూ ఒకటే. కానీ మొదటి పద్ధతిలో అమ్మకానికి చెందిన పదివేలు మారకపు లాభం వేషం వేసుకున్నాయి. నా దృష్టిలో తేల్చేది ఇదే. యజమాని ఆ పద్దు చూసే ఫార్వర్డ్ కవర్ తీసుకోవాలో వద్దో ఆలోచిస్తాడు, రొయ్యల మీద మిగులు ఎంతో కూడా తప్పుగా అంచనా వేస్తాడు. అందుకే పుస్తకాల్లో మార్కెట్ రేటు, జీఎస్టీలో కస్టమ్స్ రేటు, రెంటికీ తేడా చూపే ఒక పట్టిక ఉంచుకోవడమే నాకు నచ్చిన దారి. ఇన్వాయిస్‌కు ఒక వరుస, అంతే శ్రమ.

డబ్బు వచ్చిన రోజు మరో పొరపాటు పొంచి ఉంటుంది. ఏప్రిల్‌లో విదేశీ బ్యాంకు 25 డాలర్లు పట్టుకుని 19,975 డాలర్లే పంపగా, మన బ్యాంకు 83.20 చొప్పున రూ.16,61,920 జమ చేసిందనుకోండి. మార్చి 31 నాటి రూ.16,68,000తో పోలిస్తే తక్కువపడిన రూ.6,080 మొత్తాన్నీ మారకపు నష్టంలో రాసేవారున్నారు. నిజానికి నష్టం రూ.4,000, మిగిలిన రూ.2,080 బ్యాంకు ఛార్జీలు. ముందు డాలర్లను సరిచూసి, ఆ తర్వాతే రూపాయిల జోలికి వెళ్లాలి.

చిన్న ఇన్వాయిస్‌లు చాలా ఉండి, రేటు పెద్దగా కదలనప్పుడు నెలసరి సగటు రేటు చాలు. డబ్బు వచ్చాకే రాద్దామనే పద్ధతి మార్చి 31న రావలసిన బాకీనే దాచేస్తుంది కనుక దాన్ని పరిగణించనక్కరలేదు.

టాలీలో డాలర్ లెడ్జర్ వాడేవారు ఏడాది ముగింపున బ్యాలెన్స్ షీట్‌లో Unadjusted Forex Gain/Loss అనే వరుస మిగిలి ఉందేమో చూడాలి. ఉందంటే, సర్దుబాటు జర్నల్ ఇంకా పడలేదని అర్థం.