జాగ్రత్త: “రిబేట్ మీకే” అనే ప్లాన్‌లో లిమిట్ ఆర్డర్ పెడుతున్నారా? ముందు రూటింగ్ సెట్టింగ్ చూడండి

అమెరికా షేర్లు కొనే తెలుగువాళ్ళందరికీ చెప్తున్నా. ఇది నిన్నటి సంగతి, కోపం ఇంకా చల్లారలేదు. బ్రోకర్ పేరు రాయను. ఎక్స్ఛేంజ్ ఫీజులూ రిబేట్లూ నేరుగా కస్టమర్‌కే వేసే ప్లాన్లు వాడేవాళ్ళకు ఏ రకం బ్రోకరో అర్థమైపోతుంది. మీ సెట్టింగుల్లో ఆర్డర్ రూటింగ్, అంటే ఆర్డర్‌ని ఏ ఎక్స్ఛేంజ్‌కి పంపాలో తేల్చే చోట, “రిబేట్ ఎక్కువ వచ్చేలా” అన్న అర్థంలో ఏదైనా ఆప్షన్ టిక్ అయి ఉంటే, చదవడం ఆపి ముందు అది తీసేయండి.

జరిగింది ఇది. షేరుకు కొనేవాళ్ళు ఇస్తామన్న ధర 25.40 డాలర్లు, అమ్మేవాళ్ళు అడుగుతున్న ధర 25.41. రెండు వేల షేర్లకు 25.40 దగ్గర లిమిట్ పెట్టాను. స్క్రీన్ మీద 25.40 దగ్గర ట్రేడ్లు ఒకదాని వెనక ఒకటి పడుతూనే ఉన్నాయి. పదకొండు నిమిషాల్లో నా ధర దగ్గరే 31,000 షేర్లు చేతులు మారాయి, నాకు మాత్రం ఒక్కటీ రాలేదు. తర్వాత ధర 25.41 దాటింది, 25.45 అయింది, చివరికి వెంటపడి 25.53కి కొనాల్సి వచ్చింది. చాట్‌లో అడిగితే వచ్చిన జవాబు: “మీ ఆర్డర్ మార్కెట్‌లో అన్నిటికన్నా మంచి ధర దగ్గరే ఉంది కదా సర్, లిమిట్ ఆర్డర్‌కి గ్యారంటీ ఉండదు.” ఒళ్ళు మండిపోయింది. నేనడిగింది గ్యారంటీ గురించి కాదు. నా ధర దగ్గర 31,000 షేర్లు అమ్ముడైతే నా ఆర్డర్ ఏ ఎక్స్ఛేంజ్‌లో కూర్చుంది, అక్కడే ఎందుకు కూర్చోబెట్టారు అని. దానికి మూడుసార్లు అడిగినా జవాబు లేదు. తర్వాత ట్రేడ్ల జాబితా ఎక్స్ఛేంజ్ వారీగా విడదీసి చూశాక మొత్తం అర్థమైంది.

మన దగ్గర ఎన్ఎస్ఈలో ట్రేడ్ చేసి వచ్చినవాళ్ళకు ఈ గొడవ అలవాటు ఉండదు. అక్కడ మీ ఆర్డర్ ఎదురుచూస్తూ నిలబడినా, వెళ్ళి ఎదుటివాడి ఆర్డర్‌ని కొట్టినా ఎక్స్ఛేంజ్ చార్జీ ఒకటే. అమెరికాలో అలా కాదు. ఆర్డర్ పెట్టి నిలబడేవాడు మేకర్, వచ్చి దాన్ని తీసుకెళ్ళేవాడు టేకర్. పెద్ద ఎక్స్ఛేంజ్‌లు ఎక్కువగా టేకర్ దగ్గర ఫీజు తీసుకుని, అందులోంచే మేకర్‌కి రిబేట్ ఇస్తాయి. డాలరు, ఆపైన ధర ఉన్న షేర్లకు టేకర్ ఫీజు ఒక్కో షేరుకు 0.0030 డాలర్లు దాటకూడదని 2005లో వచ్చిన నిబంధన చెప్తుంది. దాన్ని 0.0010కి తగ్గించాలని 2024 సెప్టెంబర్‌లో నియంత్రణ సంస్థ నిర్ణయించింది, కానీ అమలు వాయిదా పడింది. కొన్ని చిన్న ఎక్స్ఛేంజ్‌లు దీన్ని తలకిందులు చేశాయి. Cboe BYX, Nasdaq BX లాంటి చోట్ల తీసుకెళ్ళేవాడికే డబ్బు ఎదురిస్తారు, నిలబడేవాడు ఫీజు కట్టాలి.

అమ్మేవాడి వైపు నుంచి చూడండి. అతని కంప్యూటర్ ముందు 25.40 ధర ఆరేడు ఎక్స్ఛేంజ్‌లలో ఒకేసారి కనిపిస్తోంది. ఎక్కడ అమ్మినా అదే 25.40. ఒకచోట అమ్మితే చేతికి కాస్త డబ్బు వస్తుంది, ఇంకోచోట వెయ్యి షేర్లకు మూడు డాలర్లు కట్టాలి. ముందు ఎక్కడికి వెళ్తాడు? డబ్బిచ్చే చోటికే. అక్కడ అయిపోయాక ఫీజు తక్కువున్న చోటికి. టేకర్ దగ్గర నిండా ఫీజు పిండి, మేకర్‌కి నిండుగా రిబేట్ ఇచ్చే ఎక్స్ఛేంజ్ అతని జాబితాలో అట్టడుగున ఉంటుంది. నా ఆర్డర్‌ని కూర్చోబెట్టింది సరిగ్గా అలాంటి చోటే.

నియమాలేమైనా కాపాడతాయా అంటే, అవి ధరని మాత్రమే కాపాడతాయి. ఒక ఎక్స్ఛేంజ్‌లో 25.40 కనిపిస్తుంటే దాన్ని దాటేసి ఇంకోచోట 25.39కి అమ్మకూడదు. కానీ అదే 25.40 దగ్గర ఎవరు ముందొచ్చారన్న లెక్క ఆ ఒక్క ఎక్స్ఛేంజ్ లోపలే చెల్లుతుంది. మీరు ఇక్కడ పదింటికే నిలబడినా, పది గంటల పదకొండు నిమిషాలకు పక్క ఎక్స్ఛేంజ్‌కి వచ్చినవాడు మీకన్నా ముందు కొనేసుకుని వెళ్ళిపోతాడు. ఇది పూర్తిగా చట్టబద్ధం.

పైగా రిబేట్ ఎక్కువున్న చోట అందరూ ఎగబడతారు కాబట్టి క్యూ చాంతాడంత ఉంటుంది. నేను చేరినప్పుడు నా ముందు అక్కడ 18,400 షేర్లున్నాయి. ఆ పదకొండు నిమిషాల్లో ఆ ఎక్స్ఛేంజ్‌లో అమ్ముడైనవి 6,200. అంటే ధర పైకి వెళ్ళేసరికి నా ముందు ఇంకా 12,200 ఉన్నాయి. అదే సమయానికి BYXలో 25.40 దగ్గర కనిపించింది 600 షేర్లే. అక్కడ చేరి ఉంటే మొదటి నిమిషంలోనే పని అయిపోయేది.

దీంట్లో రెండో దెబ్బ కూడా ఉంది, చాలామంది గమనించనిది. అలాంటి చివరి చోట మీ ఆర్డర్ ఎప్పుడు ఫిల్ అవుతుంది? మిగతా ఎక్స్ఛేంజ్‌లన్నిటిలో 25.40 ఖాళీ అయి, అమ్మేవాడు ఇంకా అమ్ముతూనే ఉన్నప్పుడు. అంటే ధర 25.39కో 25.37కో జారబోయే ముందు. కాబట్టి షేరు పెరిగేటప్పుడు మీకు దక్కదు, పడేటప్పుడు మాత్రం రెండు వేలూ ఒక్క సెకనులో వచ్చి పడతాయి. ఫిల్ అయింది, రిబేట్ కూడా వచ్చింది అని సంతోషించేలోపు రెండు సెంట్లు కిందికి పోయి ఉంటుంది. రిబేట్ షేరుకు సెంటులో మూడో వంతు కూడా ఉండదు.

నా లెక్క చెప్తాను. బ్రోకర్ నా ఖాతాకి వేస్తానన్న రిబేట్ షేరుకు 0.0020, అంటే రెండు వేలకు నాలుగు డాలర్లు. మొదట్లోనే 25.41ని కొట్టి తీసుకుని ఉంటే ఒక సెంటు తేడా 20 డాలర్లు, టేకర్ ఫీజు 6 డాలర్లు, మొత్తం 26 ఎక్కువయ్యేది. ఆ 26 మిగిల్చి నాలుగు సంపాదిద్దామనుకుని, చివరికి 25.53కి కొన్నందుకు 260 డాలర్లు, మళ్ళీ టేకర్ ఫీజు 6, కలిపి 266 పోయాయి. ఖాతా తెరిచిన రోజే ఆ రూటింగ్ పేజీ చదవాల్సింది. చదవలేదు, అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ “మంచి ధర దగ్గరే ఉంది కదా” అన్న మాట మాత్రం మింగుడు పడట్లేదు.

బ్రోకర్ అక్కడికే ఎందుకు పంపుతాడన్నది ఊహించడం కష్టం కాదు. ఎక్స్ఛేంజ్‌ల రిబేట్ అందరికీ ఒకటే కాదు, అంచెలుగా ఉంటుంది. నెలలో ఎక్కువ ఆర్డర్లు తెచ్చి నిలబెట్టిన బ్రోకర్‌కి షేరుకు ఎక్కువ ఇస్తారు. అందుకని కస్టమర్ల లిమిట్ ఆర్డర్లన్నీ ఒకే ఎక్స్ఛేంజ్‌లో పోస్తే పై అంచె రేటు దక్కుతుంది. మీకు 0.0020 ఇచ్చి, తాను అంతకంటే ఎక్కువ అందుకుని తేడా ఉంచుకోవచ్చు. కమిషన్ లేని ఖాతాల్లో అయితే మొత్తం రిబేట్ బ్రోకర్‌దే, ఆలస్యం మాత్రం మీది. ఇది నా అనుమానం మాత్రమే కాదు. రాబర్ట్ బటాలియో, షేన్ కార్విన్, రాబర్ట్ జెన్నింగ్స్ 2016లో ప్రచురించిన పరిశోధనలో, కొందరు పెద్ద రిటైల్ బ్రోకర్లు నిలబడే లిమిట్ ఆర్డర్లను అత్యధిక రిబేట్ ఇచ్చే చోటికే పంపుతున్నారనీ, అలాంటి చోట్ల ఫిల్ అయ్యే అవకాశం తగ్గుతుందనీ తేల్చారు.

అలాగని రిబేట్ ఉన్న ఎక్స్ఛేంజ్‌కి ఎప్పుడూ వెళ్ళకూడదని కాదు. కొనుగోలు, అమ్మకం ధరల మధ్య నాలుగైదు సెంట్లు ఖాళీ ఉన్న షేరులో, మధ్యలో కొత్త ధర పెట్టి మీరే క్యూలో మొదటివారైతే అక్కడైనా నష్టం తక్కువ. దెబ్బ తగిలేది ఒక్క సెంటు తేడాతో తిరిగే, వేల షేర్లు బారులు తీరి ఉండే షేర్లలో. అక్కడ ధర ఎంత అన్నదానికంటే క్యూలో మీ స్థానమే ముఖ్యం.

మీకూ ఇదే జరుగుతోందో లేదో తెలుసుకోవాలంటే ఫిల్ రిపోర్ట్ తెరిచి రెండు గడులు చూడండి. ఆర్డర్ల సమాచారం మార్చుకునే FIX అనే ఫార్మాట్‌లో రికార్డు ఇచ్చే బ్రోకర్ అయితే అవి ఇలా ఉంటాయి:

```
30  LastMkt            (ఏ ఎక్స్ఛేంజ్)
851 LastLiquidityInd   1 = మేకర్, 2 = టేకర్, 3 = బయటికి పంపారు
```

మేకర్ అని పడిన ఫిల్స్‌లో ఓ యాభై తీసుకుని, ఒక్కొక్కటీ ఫిల్ అయిన నిమిషం తర్వాత కొనుగోలు, అమ్మకం ధరల మధ్యబిందువు ఎక్కడుందో పక్కన రాసుకోండి. మీరు కొన్న ధరకంటే అది సగటున కిందే ఉండి, ఆ తేడా రిబేట్‌ని దాటితే, రిబేట్ మీకు లాభం తేవట్లేదు. ఫిల్ కాని ఆర్డర్లకూ ఇలాగే చూడాలి. మీ ఆర్డర్ నిలబడి ఉన్నంతసేపు అదే ధర దగ్గర వేరే ఎక్స్ఛేంజ్‌లలో ఎన్ని షేర్లు ట్రేడ్ అయ్యాయో ట్రేడ్ల జాబితాలో కూడండి. ఈ రెండో లెక్క చాలామంది వేయరు, అసలు నష్టం ఎక్కువగా దాగేది ఇక్కడే.

ఇక చేయాల్సింది కొంచెమే. రూటింగ్‌లో రిబేట్ ఆప్షన్ తీసేసి, ఫిల్ అయ్యే అవకాశాన్ని చూసే ఆప్షన్ ఉంటే అది పెట్టుకోండి. నేరుగా ఎక్స్ఛేంజ్ ఎంచుకునే వీలుంటే, తొందరున్న ఆర్డర్‌ని BYX లాంటి తలకిందుల చోట పెట్టండి. అక్కడ నిలబడినందుకు ఫీజు పడుతుంది. షేరుకు 0.0020 అనుకున్నా రెండు వేల షేర్లకు నాలుగు డాలర్లు, పైగా క్యూ చిన్నది. ఫీజుల పట్టిక మారుతూ ఉంటుంది కాబట్టి ఎక్స్ఛేంజ్ సైట్‌లో ఆ నెలది చూసుకోండి. ఆర్డర్ మేకర్‌గా మాత్రమే నిలబడాలని చెప్పే “పోస్ట్ ఓన్లీ” మాత్రం తొందరున్నప్పుడు పెట్టొద్దు. ఎదుటి ధరని తాకేలా ఉంటే కొన్నిచోట్ల ఆర్డర్‌ని ఒక సెంటు వెనక్కి జరిపి చూపిస్తారు, కొన్నిచోట్ల రద్దు చేస్తారు.

చాట్‌లో గొడవపడి లాభం లేదు, రాతపూర్వకంగా “రూల్ 606(b)(1) ప్రకారం నా ఆర్డర్ల రూటింగ్ వివరాలు” అని అడగండి. ఏ ఆర్డర్ ఎక్కడికి పంపారో, మీరే ఆ చోటు ఎంచుకున్నారో లేదో, ట్రేడ్ ఎప్పుడు జరిగిందో వాళ్ళు చెప్పి తీరాలి. ప్రతి మూడు నెలలకూ బ్రోకర్ బయటపెట్టే 606 రిపోర్ట్ కూడా సైట్‌లో ఉంటుంది. అందులో నిలబడే లిమిట్ ఆర్డర్ల వరుస వెతికి, ఏ చోటికి ఎంత శాతం వెళ్ళాయో, వంద షేర్లకు ఎన్ని సెంట్లు బ్రోకర్‌కి ముట్టాయో చూడండి. మీ సొంత ఆర్డర్ల వివరాలు మాత్రం అడిగిన రోజు నుంచి వెనక్కి ఆరు నెలలవే ఇస్తారు, కాబట్టి అనుమానం ఉన్నవాళ్ళు ఈ వారమే ఉత్తరం పంపండి.