హెల్మెట్‌ను గుర్తుపట్టడానికి డొప్ప ఆకారమా, అద్దమా, లోపలి లేబులా?

పర్లాకిమిడిలో తెలిసినవాళ్లు చాలామంది హెల్మెట్ ఫొటో పంపి "ఇది ఏ కంపెనీది, అసలుదేనా?" అని అడుగుతుంటారు. అందరూ ముందు నుంచి తీసిన ఫొటోనే పంపుతారు. నేను మాత్రం లోపలి లేబుల్, వెనక ఐఎస్ఐ గుర్తు ఫొటోలు అడుగుతాను.

డొప్ప ఆకారం చూస్తే ఏ మోడల్‌ని పోలి ఉందో తెలుస్తుంది. గాలి రంధ్రాలు ఎక్కడున్నాయి, వెనక అంచు ఎలా తిరిగింది అన్నవి పోల్చుకోవచ్చు. కానీ నకలు చేసేవాడు మొదట దించేది ఆకారాన్నే. అద్దం మీద అసలు ఆధారపడలేం. గీతలు పడగానే బజార్లో దొరికినది బిగించేస్తాం కదా!

నా ఓటు లేబుల్‌కే, అదీ ఐఎస్ఐ గుర్తుతో కలిపి చూసినప్పుడు. గుర్తు పైన హెల్మెట్ల ప్రమాణం నంబరు ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అనే అక్షరాల పక్కన లైసెన్సు నంబరు ఉండాలి. ఫోన్లో ఐఎస్ఐ గుర్తుకు లైసెన్సులిచ్చే బీఐఎస్ వాళ్ల BIS Care యాప్ తెరిచి, Verify Licence Details లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిది, ఏ వస్తువుకు ఇచ్చారు, ఇంకా చెల్లుతోందా అన్నవి వస్తాయి.

చాలామంది నంబరు దొరకగానే నమ్మేస్తారు. ఆ నంబరు ఒక్కో హెల్మెట్‌కు వేరుగా ఉండదు, ఫ్యాక్టరీ లైసెన్సుది. మంచి హెల్మెట్ మీది నంబరును ఎవరైనా స్టిక్కర్‌పై అచ్చు వేసుకోవచ్చు. అందుకే యాప్‌లో వచ్చిన కంపెనీ పేరు, లోపలి లేబుల్ మీది పేరు ఒకటేనా అని చూడాలి. పేర్లు కలిశాకే ఆకారం పనికొస్తుంది: ఆ కంపెనీ సైట్‌లోని మోడల్ ఫొటో పక్కన పెట్టి సరిచూడొచ్చు.

మొన్న మా మేనల్లుడు పాతపట్నం వెళ్లే దారిలో రోడ్డు పక్కన ఒకటి కొన్నాడు. ఆకారం పేరున్న మోడల్‌దే, అద్దం తళతళలాడుతోంది. "నంబరు యాప్‌లో వచ్చింది మామయ్యా, అసలుదే" అన్నాడు. వచ్చిన మాట నిజమే. కానీ లోపలి గుడ్డ లేబుల్ మీద సైజు తప్ప కంపెనీ పేరు లేదు, తయారైన ఏడాదీ లేదు. మెత్త పక్కకు లాగి చూడమన్నాను. గట్టి థర్మోకోల్ పొర ఉండాల్సిన చోట పల్చటి స్పాంజి, దాని వెనక నేరుగా ప్లాస్టిక్ డొప్ప. దెబ్బ తగిలినప్పుడు నలిగి ఆ తాకిడిని తాను తీసుకునేది ఆ థర్మోకోలే.

అమెరికా వాళ్ల డీఓటీ స్టిక్కర్ సంగతంటారా, అది తయారీదారు తనకు తానే ఇచ్చుకునే హామీ. యూరప్ వాళ్ల ఈసీఈ గుర్తు మంచిదే, కానీ 2021 జూన్ 1 నుంచి మన దేశంలో అమ్మే బండి హెల్మెట్‌కు ఐఎస్ఐ ఉండి తీరాలి.

మావాడి హెల్మెట్ ఇప్పుడు అటక మీదుంది. కొత్తది కొనేముందు కొట్లో నిలబడే లేబుల్ ఫొటో పంపాడు. ఈసారి పేర్లు రెండూ కలిశాయి.